మూలుగలోనే మూలం

సిగ్గుపడాల్సిన పనులు నేను చాలానే చేశాను గానీ, మైకు పట్టుకుని చేసింది ఇదొక్కటే. మార్కాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నోరు కాస్త పెద్దది. చివరి బెంచీ దాకా వినపడాలని మొదలైన అలవాటు, ఇంట్లో మంచినీళ్లు అడిగినా అదే గొంతు వస్తుందని నా భార్య విసుక్కుంటుంది. సారు మాట బాగా చెబుతాడన్న పేరుంది ఊళ్లో. ఆ పేరే నా కొంప ముంచింది. నా కొంప అంటున్నాను, చూశారా? మునిగింది నాది కాదు.

మూలకణాల గురించి మా సిలబస్‌లో ఉండేది కొంచెమే. నేను మాత్రం రెండు పీరియడ్లు తీసుకుంటాను, ఎందుకంటే దానికి నా దగ్గర ఒక మంచి పోలిక ఉంది. పదో తరగతి పాసైన పిల్లకు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. తల్లి కడుపులో ఏర్పడే మొట్టమొదటి కణం అట్లాంటిది. అదీ, దాని నుంచి చీలిన మొదటి కొద్ది కణాలూ బిడ్డలో ప్రతి భాగమూ కాగలవు, బిడ్డకు అన్నం అందించే మాయ కూడా కాగలవు. నాలుగైదు రోజులు గడిచాక లోపలివైపు మిగిలిన కణాల గుంపు ఒంట్లో ఏ కణమైనా అవుతుంది గానీ మాయ కాలేదు. అక్కడికి ఒక దారి మూసుకుపోయినట్టే. ఇక పెద్దవాళ్ల ఒంట్లో మిగిలే మూలకణాలు బైపీసీలో చేరిపోయిన పిల్లలు. డాక్టరు కావచ్చు, నర్సు కావచ్చు, అగ్రికల్చర్‌కు పోవచ్చు, ఇంజనీరు మాత్రం కాలేరు. ఎముక మూలుగలో ఉండే ఒక రకం మూలకణం రక్తంలోని కణాలన్నీ ఇస్తుంది. దాని పక్కనే ఉండే ఇంకో రకం ఎముకో, మెత్తటి ఎముకో, కొవ్వో అవుతుంది. చర్మం అడుగున ఉండేదానికైతే చర్మం తప్ప ఇంకో పని తెలియదు.

అన్ని కణాల్లోనూ ఉండే జన్యువులు అవే. పక్క కణాల నుంచి వచ్చే కబుర్లను బట్టి కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి, కొన్ని నోరు మూసుకుంటాయి. అట్లా ఒక కణం మెల్లగా ఒక పనికి, ఒక రూపానికి కట్టుబడిపోవడాన్నే విభేదనం అంటాం. కట్టుబడ్డాక మామూలుగా వెనక్కి రాదు.

ఇది చెప్పగానే రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, మళ్లీ పదో తరగతి రాస్తే ఎట్లా సార్ అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, నిజంగా ముచ్చటేసింది. ల్యాబులో అదీ చేశారమ్మా అన్నాను. చర్మ కణంలోకి ఏరి కోరి కొన్ని జన్యువులు ఎక్కించి, దాన్ని మొదటికి తీసుకుపోయి, అక్కడి నుంచి నరం కణంగా పెంచగలుగుతున్నారు. అయితే అది గాజు గిన్నెలో, వారాలూ నెలలూ పట్టే పని, మనుషుల మీద ఇంకా పరీక్షల్లోనే ఉంది. మూలుగను ఊరికే సూదితో లాగి వెన్నులోకి ఎక్కిస్తే అది నరం కాదు. ఈ మాట నా నోటితోనే చెప్పాను. ఆ పిల్ల నోట్సులో రాసుకుంది.

ఎందుకంత శ్రద్ధగా రాసుకుందో తర్వాత తెలిసింది. వాళ్ల నాయన తర్లుపాడు దగ్గర పలకల గనిలో పనిచేసేవాడు. బండ జారి వెన్ను మీద పడింది. నడుము కింద స్పర్శ లేదు. పెద్దాసుపత్రిలో వాళ్లు మొహమాటం లేకుండా, కాళ్లు రావు, చేతులతో బతకడం నేర్చుకో అని చెప్పి పంపారట. ఆయనా నేర్చుకుంటున్నాడు. చేతుల బలంతో మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జరగడం సగం వచ్చింది. కూర్చుని పలకల అంచులు సాపు చేసే పని ఇస్తామని గని మేస్త్రీ మాట కూడా ఇచ్చాడు.

అంతలో సిటీ నుంచి మూలకణాల వైద్యం చేసే ఒక క్లినిక్ వాళ్లు మా ఊరి కల్యాణ మండపంలో క్యాంపు పెట్టారు. కుర్ర డాక్టరుకు తెలుగు సరిగ్గా రాదు. మా కరస్పాండెంటు నన్ను పిలిచి, నువ్వయితే జనానికి అర్థమయ్యేట్టు చెబుతావు అన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. మూలుగలోని మూలకణాలు దెబ్బతిన్న నరాలకు మేలు చేయవచ్చని ఆ డాక్టరు ఇంగ్లీషులో అన్నాడు. 'వచ్చు' అన్నాడు. అది కూడా ఎక్కువే, నాకు తెలుసు. కానీ ఎదురుగా మూడొందల మంది ఉన్నారు, మంచాల మీద మోసుకొచ్చిన పిల్లలున్నారు, మైకు నా చేతిలో ఉంది. మూలుగ అన్నా మూలకణం అన్నా జనం చెవికి ఒకటే. సరిదిద్దాల్సిన చోట నేను దాన్ని వాడుకున్నాను.

"మన మూలుగలోనే మన మూలం ఉందమ్మా. మూలం ఉంటే ఏదైనా చిగురిస్తుంది."

చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో ఆ అమ్మాయి వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ఆ క్షణంలో నాకు ఒళ్లు పులకరించింది. దాచడం దేనికి, ఇంటికొచ్చి నా భార్యకు ఆ వాక్యం మళ్లీ చెప్పి వినిపించాను కూడా.

మర్నాడు ఆ పిల్ల స్టాఫ్‌రూము గుమ్మంలో నోట్సు పట్టుకుని నిలబడింది. సార్, మీరు క్లాసులో నరం కాదన్నారు గదా అంది. తోటి లెక్చరర్లు చూస్తున్నారు. పరీక్షకు ఒకటి, ప్రాక్టీసులో ఒకటి ఉంటుందిలేమ్మా, పెద్ద డాక్టర్ల కంటే నీకూ నాకూ ఎక్కువ తెలుసా అని పంపేశాను. అంత తెలివైన ప్రశ్నకు అంత తెలివితక్కువ జవాబు నా సర్వీసులో ఇంకొకటి లేదు. ఆ పిల్ల సరే సార్ అని వెళ్లిపోయింది. ఇంట్లో వాళ్లు గొర్రెలు అమ్మి సిటీకి పోయారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు, యంత్రంలో తిప్పారు, నడుములో సూది వేశారు, మూడో రోజు పంపేశారు.

నేను చేసిన అసలు పాపం అది కూడా కాదు. తిరిగొచ్చిన వారానికి వాళ్లమ్మ బస్టాండులో కనపడింది. నా గిద్దలూరు బస్సు కదలబోతోంది. సార్, లోపల వేసిన ఆ కణాలు కుదురుకునేదాకా మనిషిని కదపొచ్చునా అని అడిగింది. తెలియదు అనడానికి ఎంతసేపు పడుతుంది? పెద్దాసుపత్రిలో అడగమ్మా అనడానికి ఎంతసేపు? ఫుట్‌బోర్డు మీద నిలబడి, "కదపకపోతేనే మంచిదక్కా" అన్నాను. నేలలో వేసిన విత్తనాన్ని కెలకకూడదన్నట్టుగా నా బుర్రకు తోచింది, నోటికొచ్చింది, అనేశాను. బస్సు పోయింది.

ఒక నెల తర్వాత ఆమే ఫోను చేసింది. తెల్లారి దుప్పటి తీస్తే బొటనవేలు ఎగిరిందట. ఆమె గొంతులో అంత సంతోషం. వెన్ను దెబ్బతిన్నవాళ్ల కాళ్లు వాటంతటవే అట్లా ఎగురుతాయి. మెదడుతో సంబంధం తెగినా కింది వెన్నుపాము దానంతటది చేసే పని అది. అదీ మా పాఠంలోనే ఉంది. "మంచిదేనక్కా" అన్నాను. ఆ రోజు నుంచి ఆమె రోజూ పొద్దున్నే మంచం చివర కూర్చుని ఆ వేలు చూసేదట. చర్చిలో సాక్ష్యం కూడా చెప్పిందట.

మరో నాలుగు నెలలకు ఆ పిల్ల కాలేజీకి రావడం మానేసింది. రెండు వారాలు చూశాను. వాళ్ల ఊరి పిల్లను అడిగితే, నాయనకు వీపు కింద పుండు పడింది సార్, తనే కట్లు కడతా ఉంది అని చెప్పింది. స్పర్శ లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే, లేపి కూర్చోబెట్టకపోతే, కింద కండ చచ్చిపోతుంది. పెద్దాసుపత్రిలో వాళ్లకు ఇది నేర్పే పంపారు. కదపొద్దన్నది నేను.

ఆదివారం పొద్దున పోయాను. ఒకటే గది, ముందు రేకుల పంచ. పంచలో మంచం మీద ఆయన పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు. వెనకవైపు మోకాళ్ల మీద కూర్చుని కూతురు పుండు కడుగుతోంది. నా పిడికిలి పట్టేంత లోతుంది. ఒకప్పుడు బండలు ఎత్తిన చేతులు కర్రల్లా అయిపోయాయి. వాళ్లమ్మ నాకు కుర్చీ వేసి, టీ పెట్టబోయింది. వద్దని చెప్పాను. మూలుగ కణం నరం కాదక్కా, ఆ సూదితో కాళ్లు రావు, వేలు ఎగిరేది దానంతటదే, మనిషిని కదపొద్దన్నదీ నా తప్పే అని ఒక్క గుక్కలో చెప్పేశాను. నా గొంతు ఇంత చిన్నగా కూడా వస్తుందని అప్పుడే తెలిసింది.

ఆమె టీ గిన్నె పట్టుకునే నా వైపు తిరిగింది. జాలిగా అంది:

"మిమ్మల్ని గూడా మోసం చేసినారు సార్ వాళ్లు. మీకేం తెలుసు పాపం."

ఎంత తేలిక మాట. అవునమ్మా అంటే సరిపోయేది. నిజం చెబుతున్నాను, అందామనే నోరు తెరిచాను. ఈలోగా కూతురు తల ఎత్తకుండానే, దూది మారుస్తూ చెప్పింది.

"సారుకు తెలుసమ్మా. ముందే మాకు క్లాసులో చెప్పినాడు."

తల్లి కూతుర్ని కసిరింది. తెలిసుంటే సారు చెప్పకుండా ఉంటాడా, నోరు మూసుకో అంది. అని నా వైపు చూసింది, నేను ఆమె పక్షం మాట్లాడతానని.

"తెలుసక్కా" అన్నాను.

వాళ్లు తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు పడి, తల వంచుకుని, కొంత దిగిందిలే అనుకుని వచ్చేవాణ్ని. ఆమె చేతిలోని టీ గిన్నెను మెల్లగా గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. ఆయన ఇంతసేపూ గోడ వైపే చూస్తున్నాడు. కాళ్లు రావన్నది ఖాయమేనా అని అడిగాడు. ఖాయమేనన్నా అన్నాను.

"ఆర్నెల్లు ఊరికే పనుకోబెట్టినావు గదా సార్ నన్ను" అన్నాడు.

కోపంగా అనలేదు. ఆ ఆరు నెలల్లో ఆయన కుర్చీలోకి జరగడం పూర్తిగా నేర్చుకుని ఉండేవాడు. మేస్త్రీ ఆ పని ఇంకొకరికి ఇచ్చేశాడని అప్పటికే నాకు తెలుసు.

కట్టు కట్టడం అయింది. ఇక నన్ను లేపి కూర్చోబెట్టండి అన్నాడాయన. నేను గబుక్కున లేచి ఆయన చంకల కింద చేతులు పెట్టబోయాను. ఆయన నా చేతిని నెమ్మదిగా పక్కకు తీశాడు.

"మీరొద్దులే సార్. మా పాప లేపుతాది."