నన్ను నేనే మినహాయించుకున్న సిఫార్సు

నా గొప్పతనాన్ని చాటే ఉత్తరం నేనే రాసి, అందులో నన్ను తప్ప అందరినీ పొగిడిన తెలివి నాది.

అప్పుడు నెల్లూరు జిల్లాలో, సముద్రానికి దగ్గర్లో ఒక కాలవ మీద సూపర్వైజరుని. డిప్లొమా వాణ్ణి. ఇంజనీర్ల సంఘం పరీక్షలు రెండు భాగాలూ గట్టెక్కాను. సభ్యత్వం వస్తే డిగ్రీతో సమానం. రాకపోతే సూపర్వైజరుగానే రిటైరవడం. కావలసిందల్లా, బాధ్యత గల పని సొంతంగా చేశానని నన్నెరిగిన సభ్యుడొకరు రాసివ్వడమే.

నాకు లెవెల్ పట్టడం, అంటే ఎత్తుపల్లాలు కొలవడం, నేర్పిన మా ఇంజనీరు గారు ఆ సంఘంలో సభ్యులే. ఆయన్నే అడిగాను.

"డ్రాఫ్టు నువ్వే పెట్టయ్యా, సంతకం చేస్తా" అన్నారు.

మా ఆఫీసుల్లో ఏ కాగితమైనా అంతే. కింది వాడు రాస్తాడు, పై వాడు సంతకం పెడతాడు. చెయ్యి అలవాటు కొద్దీ సాగింది: "నా ఆదేశానుసారం, నా పర్యవేక్షణలో, తూము పునాది పని ఇతడు నిర్వర్తించెను." తూము కట్టింది నేను, పేరు కట్టబెట్టింది ఆయనకి. చదివి మురిసిపోయి సంతకం చేశారు.

నెల తర్వాత సంఘం నుంచి జవాబు: అభ్యర్థి సొంత బాధ్యత ఏమిటో ఇందులో కనబడడం లేదు, సిఫార్సు చేసినవారు స్పష్టంగా రాయాలి.

మళ్ళీ ఆయన ఇంటికి వెళ్ళాను.

"అయితే ఏందయ్యా, తూము నువ్వే కట్టినావని రాయాల్నా? మరి నేనేం చేసినట్టు?"

"పునాదిలో ఊట తన్నుకొచ్చిన మూడు రోజులూ తమరు కావలి క్యాంపులో ఉన్నారండీ."

"గురువుకే లెక్క చెప్తున్నావే!"

"లెవెల్ తప్పితే ఎవరిదైనా తప్పేనని తమరే నేర్పినారు గదండీ."

పని డైరీ తెరిచి ఆయన ముందు పెట్టాను. నాలుగో రోజు తనిఖీకి వచ్చి ఆయన స్వహస్తంతో రాసిన మాట: "నేను రాకమునుపే సూపర్వైజరు ఊట అరికట్టినాడు." కింద సంతకం.

"రాయనంటే ఏం చేస్తావ్?"

"ఈ అరుగు మీదే కూర్చుంటానండీ. ఆదేశానుసారం కాదు, సొంత బాధ్యత మీద."

నవ్వొచ్చి, దాన్ని మింగేసి, కాగితం తెమ్మన్నారు. ఈసారి డ్రాఫ్టు ఆయనదే. నాలుగే వాక్యాలు, నాలుగూ నిజాలు. సభ్యత్వం వచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆయన రిటైరయ్యారు. సన్మాన పత్రం రాసే పని, అలవాటుగానే, నా మీద పడింది. పై అధికారులంతా ముందు వరసలో కూర్చున్న సభలో నిలబడి చదివాను: "పై అధికారుల ఆదేశానుసారం, వారి పర్యవేక్షణలో, వీరు ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం నిర్వర్తించిరి." తూములూ, వంతెనలూ, గట్లూ, దేన్నీ వదల్లేదు. ప్రతిదాని ముందూ అదే మాట. ముందు వరస సంతోషంగా తల ఊపింది.

ఆయన మెడలో దండతోనే నా వైపు వంగారు.

"డ్రాఫ్టు బాగుందయ్యా. సంతకం యాడ పెట్టేది?"

పెన్ను మూత తీసి అందించాను.