ఆదివారం కళ్ళకు సెలవు

కంప్యూటరు తెరకు వెనకాల ఇంత పెద్ద బుర్ర ఉండే రోజులవి. నిజాంపట్నంలో ఉండే మా అక్క కూతురు, తెనాలిలో మా ఇంట్లో ఉండి, ఎక్కడో డాక్టర్లు గొణిగిన మాటలు హెడ్‌ఫోన్లలో విని టైపు చేసే పని నేర్చుకునేది. మొదటిసారి రాత్రనక పగలనక తెర ముందే కూర్చుంది. రెండో నెలలో తలనొప్పి, కళ్ళమంట మొదలయ్యాయి. ఒకరోజు హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టి, మాటా పలుకూ లేకుండా బస్సెక్కి ఇంటికి పోయింది.

మళ్ళీ పంపేటప్పుడు మా అక్క ఒకటే మాట అంది. "ఈసారి కూడా మధ్యలో వచ్చావంటే ఇక్కడే ఎండుచేపలు తిరగేసుకుంటూ ఉందువుగాని."

పరీక్షకు మూడు నెలల గడువుంది. అమ్మాయి క్యాలెండరు ముందేసుకుని మొదట సెలవులు గుర్తుపెట్టింది, ఆ తర్వాతే పాఠాలు. ఆఖర్లో కొన్ని రోజులు ఖాళీగా వదిలింది.

"పని కాకముందే సెలవులేంటే?" అన్నాను.

"అలిసిపోయాక పెట్టేది సెలవు కాదు మావయ్యా, జబ్బు."

డాక్టరు మాటల టేపు ఒకటి కొట్టడం పూర్తయితే లేచి కాసేపు నడక, ఒక మిరపకాయ బజ్జీ. వారం పాఠం పూర్తయితే నేను చెప్పే కథ ఒకటి. నెల గడిస్తే బాపట్ల వెళ్ళి సూర్యలంక సముద్రం. పని పూర్తికాకపోతే బజ్జీ నాకు. బహుమతిగా టీవీ వద్దంది. దాని ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదట, కళ్ళకు విశ్రాంతీ ఉండదట. ఆదివారం మాత్రం ఏ తెరా చూడకూడదు. నా సెల్‌ఫోన్లో పాము ఆటకు కూడా ఆ రోజు సెలవే.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. ఒక ఆదివారం రేపల్లెలో మా చెల్లెలింటికి తీసుకెళ్ళాను. చుట్టం గడప తొక్కగానే టీవీ పెట్టడం మావాళ్ళ మర్యాద. మా చెల్లెలు ఇంకో మెట్టు ఎక్కింది. కొడుకు పెళ్ళి సీడీ పెట్టబోయింది. దాన్ని కాదన్నవాళ్ళు ఆ ఇంట్లో మళ్ళీ కాఫీ తాగలేదు.

"పిన్నీ, ఆదివారం నేను చూడను" అంది పిల్ల.

"మావాడి పెళ్ళి చూడవటే?" చెల్లెలి ముక్కు ఎర్రబడింది.

ఇక నేనే దిగాల్సొచ్చింది. "అమ్మా, బాపట్ల కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆదివారం తెర చూస్తే దీని నల్లగుడ్డు అలిగి లోపలికెళ్ళిపోతుందంట. లోపలికెళ్తే మళ్ళీ పిలిచినా రాదు."

"అయ్యో నా తల్లీ!" అంటూ చెల్లెలు టీవీ మీద దుప్పటి కప్పేసింది. ఆ మధ్యాహ్నం పిల్ల కడుపునిండా తిని, అరుగు మీద హాయిగా నిద్రపోయింది. నా నాలుకకు నేనే దండం పెట్టుకున్నాను.

మేం తెనాలి చేరేలోపే నా కోత నిజాంపట్నం చేరింది. దారిలో కన్ను ఒకటి పోయింది కూడా. మర్నాటి నుంచీ మా ఇంటికి పరామర్శలే. బోటు పనివాళ్ళు, చేపల వేలంపాట పాడేవాళ్ళు, అందరూ ఆపిల్ పళ్ళతో దిగారు. ఒకాయన ఆమె టైపు చేస్తుంటే చాలాసేపు చూసి, "పాపం, ఒక్క కన్నుతోనే ఎంత బాగా కొడుతుందండి!" అన్నాడు. చివరికి మా అక్క పండుగప్ప చేపల పులుసు గిన్నెతో వచ్చి, "ఏ కన్నురా?" అని నా గొంతు పట్టుకుంది, ఇక మా ఇంట్లోనే ఉండిపోయింది.

కళ్ళు రెండూ ఉన్నాయి గానీ ఈ పరామర్శల్లో వారం పాఠం పోయింది. శనివారం సాయంత్రం అమ్మాయి మొహం చూస్తే నాకు ఆ పాత బస్సు గుర్తొచ్చింది.

"రేపు కూడా కూర్చుంటాను మావయ్యా. ఈ ఒక్కసారికే."

"ఆఖర్లో ఖాళీ రోజులు వదిలావుగా? అవి ఇందుకేగా?"

"అవి అప్పటికి పెట్టుకుంటా."

పోయినసారి కూడా ఈ ఒక్కసారికే అంటూనే మొదలైంది. ఆదివారం పొద్దున్నే తెర వెలిగింది, హెడ్‌ఫోన్లు చెవులకెక్కాయి. నా మాట గాలికి పోయింది. ఇంతలో వంటింట్లోంచి మా అక్క వచ్చి, ప్లగ్గు పీకి, కంప్యూటరు మీద చీర కప్పింది.

"అమ్మా! ఇలా ఆపితే పాడైపోద్దే!"

"పాడైతే కొనుక్కోవచ్చు. గుడ్డు లోపలికెళ్తే ఎవడు తెస్తాడు? డాక్టరు చెప్పాడా లేదా?"

పిల్ల నావైపు చూసింది. అది అబద్ధమని చెప్పడానికి నోరు తెరిచి, ఏమనుకుందో మళ్ళీ మూసేసింది.

ముగ్గురం బాపట్ల వెళ్ళాం. సూర్యలంక ఇసుకలో కాళ్ళు చాపుకుని, తల్లి ఒలిచిన వేరుశనక్కాయలు తింటూ, కెరటాల్లో చేపలు తెనాలి రైలు టైము అడిగిన కథ నా నోటి నుంచి విన్నది. ఆ కథ ఆ వారం సంపాదించింది కాదు, ఊరికే ఇచ్చాను. సోమవారం మొదటి టేపు అక్షరం తప్పుపోకుండా కొట్టి, బజ్జీ నా ముందే ఊరించుకుంటూ తిన్నది. పోయిన పాఠాన్ని ఆఖర్లో వదిలిన ఖాళీ రోజుల్లో సర్దేసింది. మిగిలిన ఆదివారాలకు మా అక్కే కాపలా.

ఫలితం వచ్చిన వారం స్వీట్లు పట్టుకుని రేపల్లె వెళ్ళాం.

"పిన్నీ, నీ కొడుకు పెళ్ళి సీడీ పెట్టు. పరీక్ష అయిపోయిందిగా, చూస్తాను" అంది.

మా చెల్లెలు గోడ మీది క్యాలెండరు చూసి, టీవీ మీది దుప్పటి ఇంకాస్త కిందికి లాగింది.

"ఇవాళ ఆదివారం తల్లీ. కళ్ళు జాగ్రత్త."