పటమట ఓడిన సాయంత్రం

హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగింది. ఇసుకలో వేగుతున్న వేరుశెనక్కాయల వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్కసీటాయన ఏదో అడుగుతున్నా నాకు వినపడలేదు. డెబ్భైలలోని ఒక ఆదివారం, దుమ్ము లేస్తున్న మైదానం, ఖాళీ అరచెయ్యి చాచమని నవ్వుతున్న రత్నం గారు కళ్ళ ముందు నిలిచారు.

రత్నం గారు బెజవాడలో మా కాలువల ఆఫీసు హెడ్ గుమాస్తా. ఆఫీసులో ఆయనంటే హడలు. ఆదివారం మాత్రం చర్చి నుంచి అదే తెల్లచొక్కాతో నేరుగా మైదానానికి వచ్చి, మాతో పాటు గట్టుమీద చతికిలబడేవారు. మేమంటే నేనూ, మా టైపిస్టు బాషా. రత్నం గారిదీ నాదీ పటమట. బాషాది ఉయ్యూరు. రెండూళ్ళ జట్లకూ పోటీ పడిందంటే ఆ వారమంతా మా ఆఫీసులో ఫైళ్ళకంటే మాటలే ఎక్కువ కదిలేవి.

ఆట చూడటానికి ఆయన ఒక పద్ధతి పెట్టారు. ముగ్గురికీ ఒకటే వేరుశెనక్కాయల పొట్లం. ఎవరి జట్టు ఫోరు కొట్టినా, వికెట్టు తీసినా పొట్లం వాళ్ళ చేతికి వెళుతుంది. వాళ్ళు ముందు ఎదుటిపక్షం వాడి దోసిట్లో కాయలు పొయ్యాలి. ఆ తరవాతే ఎగతాళి చెయ్యాలి. పెట్టకుండా అన్న మాట చెల్లదు.

"జట్టును ఎంతైనా అనండయ్యా. కెప్టెన్ని అనండి, వాళ్ళ ఊరి బస్సుల్ని అనండి. మనిషి ఇంట్లోకి మాత్రం దూరకండి," అనేవారు.

నాకు పెట్టడం సులువుగానే వచ్చింది. పుచ్చుకోవడమే రాలేదు. బాషా ఒక మాటంటే చెవులు వేడెక్కేవి. నవ్వుతున్నట్టు కనిపించేవాణ్ణి గాని, ఆ మాటకు రెండింతల మాట కోసం లోపల వెతుక్కునేవాణ్ణి. అది నాకు చాలాకాలం పౌరుషంలాగే కనిపించింది.

ఆ ఏడాది జిల్లా పోటీల ఆఖరి ఆట పటమటకీ ఉయ్యూరుకీ పడింది. అప్పట్లో మా మైదానాల్లో పచ్చిక పిచ్‌లు లేవు. గట్టినేల మీద కొబ్బరిపీచు చాప పరిచి, బిగలాగి, అంచుల్లో ఇనుప మేకులు కొట్టేవారు. చాపమీద పడ్డ బంతి పట్టు దొరికినట్టు చివుక్కున తిరిగేది, ఒక్కోసారి ఛాతీ దాకా లేచేది. ఉయ్యూరు బౌలరు ఒకడికి ఆ చాప చుట్టం లాంటిది. వేగం తగ్గించి, వేళ్ళతో కోసినట్టు వేసేవాడు. మా ఓపెనరు బయటికి పోతుందని వదిలేసిన బంతి లోపలికి తిరిగి బెయిల్స్ ఎగరగొట్టింది.

బాషా పొట్లం అందుకుని మా ఇద్దరి దోసిళ్ళలోనూ పోశాడు. "తినండి సార్. మీవాడు బంతికి దారిచ్చి పక్కకు తప్పుకున్నాడు చూశారా? పటమట మర్యాద!"

రత్నం గారు కాయలు నమలుతూనే పగలబడి నవ్వారు. "మర్యాద ఒకటేనా, ఇంటికి సాగనంపాడు కూడా. బెయిల్స్‌తో సహా!"

మరో రెండు ఓవర్లకు మా కెప్టెన్ అదే బౌలర్ని వరసగా రెండు ఫోర్లు బాదాడు. పొట్లం నా చేతికొచ్చింది. "ఏరా బాషా, మీ ఫీల్డర్లు బంతి వెంట పరిగెడుతున్నారా, ఉయ్యూరు బస్సు వెంట పరిగెడుతున్నారా?"

"బస్సయితే పట్టుకునేవాళ్ళురా," అన్నాడు బాషా నోటినిండా కాయలతో. గట్టుమీద జనమంతా గొల్లుమన్నారు.

అలా పొట్లం అటూ ఇటూ మారుతూ ఆట చివరి ఓవరుకు వచ్చింది. మాకు నాలుగు పరుగులు కావాలి. ఒకటే వికెట్టు మిగిలింది. కొట్టేది మా కెప్టెన్, అవతల చివర బ్యాటు పట్టడం సరిగా రాని మా బౌలరు. మొదటి బంతిని కెప్టెన్ కవర్స్‌లోకి నెట్టి రెండు తీశాడు. ఇంక రెండే! మేమిద్దరం లేచి నిలబడ్డాం. రెండో బంతి చాపమీద లేచి, బ్యాటు అంచు పక్కనుంచి వెళ్ళి కీపరు చేతిలో పడింది. బాషా తల పట్టుకున్నాడు. మూడోదాన్ని కొట్టి కూడా కెప్టెన్ పరుగు వద్దని చెయ్యెత్తాడు. ఆ ఒక్కటీ తీస్తే ఆటంతా ఆఖరివాడి మీద పడుతుంది మరి.

నాలుగో బంతి. కెప్టెన్ తిన్నగా బౌలరు మీదుగా బాదాడు. ఫోరే అనుకుని నేను అప్పటికే గాల్లోకి ఎగిరాను. బౌలరు వంగి చెయ్యి పెట్టాడు. బంతి వేళ్ళను రాసుకుని అవతలి స్టంపులకు తగిలింది. పరుగు కోసం ముందే గీత దాటేసిన మా ఆఖరివాడు వెనక్కి తిరిగేలోపు బెయిల్స్ నేలమీద ఉన్నాయి. అంపైరు వేలెత్తాడు. పటమట ఓడిపోయింది.

బాషా గంతులేస్తూ వచ్చి పొట్లం నా ముందుకు చాచాడు. నేను దోసిలి పట్టలేదు.

"నిన్ను జట్టులోకి రానివ్వని వాళ్ళు గెలిస్తే నీకెందుకురా ఇంత సంబరం?"

ఉయ్యూరు జట్టు ఎంపికకు మూడుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చానని, ఇంట్లో కూడా చెప్పలేదని, ఒకరోజు టీ తాగుతూ బాషా మా ఇద్దరికే చెప్పుకున్నాడు. నాకా సంగతి గుర్తు లేక అనలేదు. గుర్తుండే, ఏరుకుని మరీ అన్నాను. బాషా పొట్లం మడిచి గట్టుమీద పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. వాడు ఇంక ఆదివారాలు రాడని నాకు ఆ క్షణమే తెలిసింది.

రత్నం గారు నన్ను తిట్టలేదు. మా మైదానంలో ఓడిన ఊరివాళ్ళు చాప చుట్టాలి. అది ఆనవాయితీ. "సత్యం, పద. బాషా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. నా నడుం వంగదు," అన్నారు. పెద్దాయన మాట కాదనలేక వాడు వచ్చాడు.

ఆయన మేకులు పీకుతుంటే మేమిద్దరం చెరో అంచు పట్టి తోశాం. తడిసిన గోనెసంచిలా బరువు. వాడి వైపు ముందుకు పోయింది, నా వైపు వెనకబడింది. సగానికి వచ్చేసరికి చుట్ట ఒక పక్కకు కొమ్ములా సాగింది.

"విప్పండి. మళ్ళీ," అన్నారాయన.

రెండోసారీ అంతే. మూడోసారి బాషానే నోరు తెరిచాడు. "నీ వైపు వెనకబడుతోంది. తొయ్యి."

"అనకూడని మాట అన్నాను బాషా."

"అన్నావు. ముందు తొయ్యి."

నాలుగు మూరలు చుట్టాక, తల ఎత్తకుండానే అన్నాడు: "చాప చుట్టడంలో కూడా మీ పటమటవాళ్ళు చివర్లోనే జారిపోతారేంట్రా?"

నా చెవులు వేడెక్కాయి. వాడు చూస్తున్నాడు. మేకు చేత్తో పట్టుకుని రత్నం గారూ చూస్తున్నారు. జవాబు నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. నవ్వాను. ముందు బలవంతంగానే నవ్వాను, తరవాత మా ఆఖరివాడు గీత వెతుక్కుంటూ తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి నిజంగానే నవ్వొచ్చింది. బాషా కూడా నవ్వేశాడు.

"వాడు షికారుకెళ్ళాడ్రా, పరుగుకి కాదు!" అన్నారు రత్నం గారు. ఆయన కళ్ళలో నీళ్ళు ఓడినందుకో, నవ్వినందుకో నేను అడగలేదు.

మరుసటి ఆదివారం బాషా వచ్చాడు.

నేను పూర్తిగా మారానని చెప్పలేను. మొన్న భోజనాల దగ్గర మా బావ నామీద ఏదో చతురాడితే విస్తరి ముందు నుంచి లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. వరండాలో కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, అదే విస్తరి ముందు కూర్చున్నాను. అందరూ చేతులు ఆపి చూస్తున్నారు.

"ఏదీ బావా, మళ్ళీ అను," అన్నాను. "ఈసారి వింటాను."