రెండు బ్యాడ్జీలు

స్నేహను పెంచింది మేనమామ ఆంజనేయులు. సోలాపూర్ నీలం నగర్‌లో అతనికి నాలుగు మగ్గాల షెడ్డు. ఆ చప్పుడు వింటేనే చిన్నప్పుడు ఆమెకు నిద్ర పట్టేది. ఇప్పుడామె వ్యాపార సమావేశాలు నడిపే కంపెనీలో ఉద్యోగి. పని పెళ్ళిళ్ళ పేరయ్య పనే అనుకోండి! అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకరినొకరు కోరుకుంటారు. ఇద్దరూ ఒప్పుకుంటే, ఇద్దరికీ ఖాళీ ఉన్న వేళ చూసి కంప్యూటర్ టేబుల్ కేటాయిస్తుంది. ఒకే మనిషికి ఒకే వేళ రెండు భేటీలు ఇవ్వదు.

ఈసారి తువ్వాళ్ళ వ్యాపారుల సమావేశం సోలాపూర్‌లోనే. పాపం, మామకు ఆర్డర్లు లేవు. పుణె హోటళ్ళకు తువ్వాళ్ళు కొనే పెద్దమనిషి ఒప్పుకుంటే షెడ్డు నిలుస్తుంది, లేదంటే మగ్గాలు తుక్కుకే.

"ఫోన్ల ఏదో నొక్కిన బిడ్డా, నా పేరు పడ్డదో లేదో" అన్నాడు మామ. స్నేహకు నమ్మకం కుదరలేదు. ఇంటిపేరు ముందు పెట్టి 'గడ్డం ఆంజనేయులు' అని, తన ఫోన్ నంబరుతో మళ్ళీ నమోదు చేసి, పుణె ఆయన్ను కోరింది. ఆయన సరేనన్నాడు. మామ నొక్కింది కూడా పడిందని ఆమెకేం తెలుసు? అక్కడ మరాఠీ వాళ్ళలా తండ్రి పేరు మధ్యలో పెట్టి 'ఆంజనేయులు మల్లప్ప గడ్డం' అని ఉంది. కంప్యూటర్‌కు వాళ్ళు ఇద్దరు మనుషులు. పదకొండు గంటలకు ఒకరికి పుణె ఆయన్నూ, ఇంకొకరికి, మామ ఏదో నొక్కి ఒప్పుకున్న నూలు వ్యాపారినీ కట్టబెట్టింది. పుణె భేటీ కబురు స్నేహ ఫోన్‌కే వచ్చింది. మామకూ వెళ్ళే ఉంటుందిలే అనుకుంది, ఆ పని ఒత్తిడిలో.

ఆ రోజు హాల్లో మామ మూడో టేబుల్ దగ్గర కనిపించాడు.

"మామా! ఈడేం చేస్తున్నవ్? పుణె సాబ్ తొమ్మిదో టేబుల్ కాడ!"

"నాకు గీ నూలు సేటుదే మెసేజ్ వచ్చింది గదనే."

స్నేహ తొమ్మిదో టేబుల్ దగ్గరికి పరుగెత్తింది. పది నిమిషాలు చూసి ఆ చోటు నిరీక్షణలో ఉన్నవాళ్ళకు ఇచ్చేశారు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన పార్వతీబాయి అక్కడ కూర్చుని ఉంది, బీడీలు మానేసి ఆడవాళ్ళతో తువ్వాళ్ళు నేయిస్తున్న మనిషి. పుణె ఆయనకు తక్కిన వేళలన్నీ నిండాయి, అవి అయిపోగానే ప్రయాణం.

"ఆమెను లేపుత మామా."

వెనకాలే వచ్చిన మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బిడ్డా. ఆమెకు గూడ కడుపున్నది."

నెల తిరక్కుండా మగ్గాలు టెంపో ఎక్కాయి. మామ వేరేవాళ్ళ షెడ్డులో కూలికి కుదిరాడు. "నేనే ముంచిన మామా" అని స్నేహ వెక్కివెక్కి ఏడ్చి, రెండు పేర్ల సంగతి చెప్పింది.

అతను మేకుకు తగిలించిన చొక్కా జేబులోంచి, ఒక్కో పేరుతో ఒక్కోటి, రెండు బ్యాడ్జీలు తీశాడు.

"గేటు కాడ రెండిచ్చిర్రు బిడ్డా. నువ్వు ఆఫీసుల ఉన్నవని, ఇజ్జత్ చేసిర్రనుకున్న."