సంతకం ఒకరిది, మాట ఒకరిది

బాపట్ల వ్యవసాయ కాలేజీలో నేను మట్టి పాఠాలు చెప్పే చివరి సంవత్సరాల్లో డిపార్ట్‌మెంటుకు ఒక కంప్యూటరు వచ్చింది. ఈమెయిల్ చూడడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. పిల్లలు రాసే మెయిళ్లకు తలా తోకా ఉండేవి కావు. పేరు లేకుండా, ఏ క్లాసో చెప్పకుండా, "మేడమ్ అర్జెంట్" అని పంపేవాళ్లు. చదవగానే ఒళ్లు మండేది.

ఒకరోజు ఫైనలియర్ అమ్మాయి దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. మెయిల్ పైనే విషయం రాసింది: పీజీ సీటుకు సిఫార్సు ఉత్తరం కోసం విన్నపం. "రెస్పెక్టెడ్ మేడమ్" అని మొదలుపెట్టి, తన రోల్ నంబరు, నా దగ్గర ఏ సంవత్సరం ఏ పాఠాలు చదివిందీ, ఏ ఊళ్లో ఏ కోర్సుకు దరఖాస్తు పెడుతోందీ చెప్పింది. గడువు మూడు వారాలుంది. ఉత్తరం కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి, కవరు అంటించిన చోట సంతకం చేసి నేనే నేరుగా పంపాలట, తను చూడకూడదట. మార్కుల లిస్టు జతచేసింది. తన గురించి మంచిగా రాయగలననుకుంటేనే ఒప్పుకోమనీ, వీలుకాకపోతే మొహమాటపడవద్దనీ రాసింది. చివర్లో ఒక వాక్యం: "సంతకం పెట్టిన ప్రాక్టికల్ రికార్డును కొట్టేయమని మిమ్మల్ని అడిగిన విద్యార్థిని నేనే."

నాకు ఆశ్చర్యంగా అనిపించింది. రేపల్లె అవతల సముద్రపొడ్డు నుంచి వచ్చిన పిల్ల, వాళ్ల నాన్నకు పడవ ఉంది. క్లాసులో నోరు విప్పేది కాదు. ఇంత మర్యాద, ఇంత ధైర్యం ఒకే మెయిల్లో ఎక్కడ నేర్చుకుంది?

జవాబు మాత్రం మా లెక్చరర్లందరూ ఇచ్చేదే ఇచ్చాను. "నువ్వే డ్రాఫ్ట్ రాసుకురా, సంతకం పెడతాను."

మర్నాడే తెచ్చింది. చదివి నీరుగారిపోయాను. విధేయురాలు, కష్టపడే స్వభావం, సత్ప్రవర్తన కలది. అంతే. రికార్డు ఊసే లేదు. ఇలాంటి ఉత్తరం చూసి సీటెవరిస్తారు? సీటు రాకపోతే వేసవిలో పెళ్లి సంబంధాలు చూస్తారని ఆ అమ్మాయే మెల్లగా చెప్పింది.

"మెయిల్లో రికార్డు సంగతి రాశావుగా, ఇందులో ఎందుకు లేదు?" అన్నాను.

"మెయిల్ నేను మీకు రాసిందండి. ఇది మీరు రాసినట్టు ఉండాలి కదండీ. ఆరోజు నా గురించి మీరేమనుకున్నారో నాకు తెలియదు కదండీ, మేడమ్."

డెబ్బైల్లో తెనాలిలో నేనూ ఇలాగే సిఫార్సు ఉత్తరం కోసం మా సారు ఇంటి వరండాలో నిలబడ్డాను. ఆయనా రాసుకురమ్మన్నారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని సరిగ్గా ఈ మాటలే కొట్టించుకుని వెళ్లాను. ఆయన పెన్ను మూత తీశారు, చదవకుండా సంతకం చేశారు. ఆ కాగితంతోనే సీటొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. మూడేళ్లు పాఠం చెప్పిన ఆయనకు నా మీద అభిప్రాయమంటూ ఒకటి ఉండేదా? ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

డ్రాఫ్ట్ పక్కన పెట్టి, ఆ అమ్మాయిని పంపేశాను. సొంతంగా రాయడం మొదలుపెట్టాను. మట్టిలో ఉప్పు కొలిచే ప్రాక్టికల్‌లో ఆమె బీకర్లు కుళాయి నీళ్లతో కడిగింది, డిస్టిల్డ్ వాటర్‌తో తొలపడం మరిచింది. బాపట్ల కుళాయి నీళ్లలో ఉప్పుకేం తక్కువ! లెక్కలన్నీ ఎక్కువొచ్చాయి. నేను గమనించకుండా సంతకం పెట్టి మార్కులు వేసేశాను. వారం తర్వాత తనే వచ్చి, రికార్డు కొట్టేయమని, మళ్లీ చేస్తానని అడిగింది. మూడు రోజులు ఒక్కతే లేబ్‌లో ఉండి అన్ని నమూనాలూ మళ్లీ కొలిచింది. ఇదంతా రాశాను. నా తప్పు కూడా రాయాల్సొచ్చింది, రాశాను. కవరు అంటించి, అడ్డంగా సంతకం చేసి, నేనే పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్ చేశాను.

ఉత్తరం తనకు చూపించకూడదు. కానీ ఆమె మెయిల్‌కు జవాబివ్వకూడదని ఎవరూ అనలేదు. "ఉత్తరం పంపాను. నువ్వు రికార్డు కొట్టేయమన్న రోజు నాకు చాలా కోపం వచ్చింది. సాయంత్రానికి గర్వంగా అనిపించింది" అని రాశాను.

జూన్‌లో ఆమెకు సీటు వచ్చింది. నేను ప్రింటు తీసి దాచుకున్నది మాత్రం నా మెయిల్‌కు ఆరోజే ఆమె రాసిన జవాబు.

"రెస్పెక్టెడ్ మేడమ్, కోపం సంగతి అప్పుడే తెలిసిందండి. రెండోది ఇప్పుడే తెలిసింది."