రబ్బరే సర్దుకుంటుందన్నాను

డెబ్బైల్లో విజయవాడ వన్ టౌన్‌లో నాకు పంపుల రిపేరు షాపు ఉండేది. నా అంత పనిమంతుడు లేడని నా నమ్మకం. కంకిపాడు అవతల ఒక పెద్దాయన మురుగు కాలవ మీద మోటారు, పంపు పెట్టించుకున్నాడు. బిగించింది నేనే. పంట కాలవ నీళ్లు ఆయన పొలందాకా వచ్చేవి కావు. మూడెకరాల వరి పొట్ట మీదుంది. ఆ పంపు తప్ప దిక్కులేదు.

వారం తిరక్కుండానే పంపు వణకడం మొదలుపెట్టింది. మోటారు షాఫ్టునీ పంపు షాఫ్టునీ కలిపే కప్లింగ్ కింద నల్లటి రబ్బరు పొడి రాలి ఉంది. కప్లింగ్ పిన్నులకు తొడుగుల్లా ఉండే రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. షాఫ్టులు ఒకే వరుసలో లేవనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయినా నేను వరుస చూడలేదు, బుష్‌లు మార్చాను. మళ్లీ అరిగాయి. ఈసారి మొత్తం తీసేసి, టైరులాంటి రబ్బరు చుట్టుండే టైరు కప్లింగ్ వేశాను.

"ఇది మెత్తనిదండీ. కాస్త వంకరున్నా రబ్బరే సర్దుకుంటుంది" అన్నాను.

వణుకు నిజంగానే తగ్గింది. నాలుగో రోజు పంపు బేరింగ్ కాలిపోయింది.

"చేను నెర్రెలిచ్చింది అబ్బాయ్. వెన్ను బయటికి రావట్లేదు" అన్నాడు పెద్దాయన. తిట్టినా బాగుండేది. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు మోటారు మీదికి నెట్టబోయాను. కప్లింగ్ విప్పి మోటారు ఒక్కదాన్నే నడిపిస్తే, చెయ్యి పెట్టినా వణుకు తెలియలేదు. ఇక మిగిలింది పంపు. నీళ్లు బయటికి తోసే దాని డెలివరీ గొట్టం బోల్టులు వదులు చేశాను. గొట్టం ఠప్పున అరంగుళం పక్కకి జరిగింది, పంపు కుదుటపడింది. బిగించిన రోజున గొట్టం సరిగ్గా అందకపోతే, తొందరలో బోల్టులతోనే లాగి కట్టాను. ఆ లాగుడుకి పంపు వరుస తప్పింది. టైరు వణుకును దాచిందే గాని, వంకర బరువు బేరింగ్ మీద పడుతూనే ఉంది.

కొత్త బేరింగ్ తెచ్చి, గొట్టం కోయించి, లాగకుండా అందేలా వెల్డింగ్ చేయించి, మోటారు కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి రెండు షాఫ్టులూ వరుసకు తెచ్చేసరికి మూడు రోజులు పట్టింది. పంపు నడిచింది, ఏ వణుకూ లేదు. తప్పు నా బిగింపుదేనని మాత్రం పెద్దాయనకు చెప్పలేదు.

కోతలప్పుడు కబురు పెడితే వెళ్లాను. దిగువ రెండెకరాలూ తాలే. పెద్దాయన వెన్నుల్ని అరచేతిలో నలిపి ఊదితే గింజ మిగల్లేదు. పక్క చేల వాళ్లు గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"ఈ అబ్బాయి పుణ్యమా అని ఆ ఎకరమన్నా దక్కిందయ్యా" అని వాళ్లతో చెప్పాడు. "మీ మోటార్లు కూడా ఇతని చేతే పెట్టించుకోండి."

"అంతా మీ అభిమానమండీ" అన్నాను.