పాత బిల్లు కోడ్

గోదావరిఖనిలో మోటార్లు బాగుచేసే మా దుకాణంలో బిల్లులు నేనే తీస్తాను. ఒకరోజు, రిటైరైన గని కార్మికుడొకాయన బిల్లు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆగాడు.

“బిడ్డా, కాగితం మీద తక్కువున్నది, ఫోన్ల ఎక్కువ చూపెడ్తున్నదేంది?”

“జీఎస్టీ కలిసింది, కాకా, కొట్టెయ్,” అన్నాను చూడకుండానే. ఆయన కట్టి వెళ్లాడు.

సాయంత్రం తెలిసింది. ఆయన బిల్లు కోసం వేరొకరి పాత బిల్లును కాపీ చేసినప్పుడు దాని కోడ్ అలాగే ఉండిపోయింది. అందులో యూపీఐ ఐడీ మాదే, బిల్లు నంబరు, మొత్తం మాత్రం వేరొకరివి.

ఎక్కువైన డబ్బుతో ఆయన ఇంటికి పరుగెత్తాను.

“నాకే సమజ్ కాలేదనుకున్న బిడ్డా,” అని నవ్వాడు.

ఇప్పుడు ప్రతి బిల్లుకూ దాని నంబరు, మొత్తంతోనే కొత్త కోడ్ వేస్తున్నాను. అయినా బజారులో ఆయన ఎదురైతే చూపు తిప్పుకుంటాను.